పైసలు పడ్డయి గానీ, పింఛను పడలేదు

ఈపీఎఫ్ పింఛను వచ్చిందా లేదా అన్నది చాలా ఇళ్లలో ఫోను టింగుమన్న చప్పుడుతోనే తేలిపోతుంది. నెలాఖరుకు మెసేజ్ వచ్చిందంటే పైసలు పడ్డాయని లెక్క. ఎన్ని పడ్డాయి, ఎవరు వేశారు, ఏ నెలవి అని చూసేవాళ్లు తక్కువ. మధ్యలో ఒక నెల ఆగిపోతే ఆ సంగతి రెండు మూడు నెలల తర్వాత, ఏటీఎం దగ్గరో మందుల దుకాణంలోనో బయటపడుతుంది. ఈలోగా ఇంకో నెల కూడా పోయి ఉంటుంది.

ఇదెలా జరుగుతుందో, ఎలా పట్టుకోవాలో చూడటానికి ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ కుషాయిగూడలో ఉంటున్న డెబ్బై రెండేళ్ల పెద్దాయన. చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యారు. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం, అంటే అందరూ ఈపీఎస్ అనేది, దాని కింద నెలకు 2,418 రూపాయలు వస్తాయి. 2014 సెప్టెంబర్ నుంచి ఈ పథకంలో కనీస పింఛను వెయ్యి రూపాయలు. దానితో పోలిస్తే ఈయనకు కొంత నయమే, కానీ బీపీ మందులకూ కరెంటు బిల్లుకూ సరిపోయే డబ్బు అది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను వేరు, దాని నియమాలు వేరు. ఇక్కడ చెప్పేదంతా పీఎఫ్ ఆఫీసు నుంచి వచ్చే పింఛను గురించే.

పెద్దాయనకు తెలుగు బాగా వచ్చు. ఇంగ్లిష్‌లో అంకెలు, పెద్దక్షరాలు గుర్తుపడతారు. ఫ్యాక్టరీలో డ్రాయింగులు చూసిన అలవాటు. కానీ బ్యాంకు మెసేజ్ వస్తే ఫోను కూతురి చేతికిచ్చి, "చూడు బిడ్డా, ఏమంటుండు?" అని అడిగేవారు. కూతురు సంక్రాంతి సెలవుల్లో కూర్చోబెట్టి నేర్పింది. మొత్తం ఇంగ్లిష్ నేర్పలేదు. ఒక మెసేజ్‌లో ఎక్కడ ఏముంటుందో మాత్రం చెప్పింది. నిజానికి కావలసింది కూడా అంతే.

పింఛను పడ్డప్పుడు వచ్చే మెసేజ్ దాదాపు ఇలా ఉంటుంది. బ్యాంకును బట్టి మాటలు అటూ ఇటూ మారతాయి.

```
A/c XX4821 credited Rs 2,418.00 on 29-08-25
by ACH. Info: EPFO PENSION.
Avl Bal Rs 14,906.00
```

మొదట చూడాల్సింది credited అన్న మాట. కొన్ని బ్యాంకులు Cr అని రెండక్షరాలే వేస్తాయి. అది జమ. debited లేదా Dr అంటే ఖాతాలోంచి పోయింది. ఈ రెండింటికీ తేడా మొదటి అక్షరంలోనే ఉంది: సి అయితే వచ్చింది, డి అయితే పోయింది. పెద్దాయన మొదటి వారం ఇదొక్కటే సాధన చేశారు, పాత మెసేజ్‌లన్నీ తీసి.

రెండోది మొత్తం. చుక్క తర్వాత ఉన్న రెండు సున్నాలు పైసలు. చుక్కను కామా అనుకుంటే 2,418 కాస్తా రెండు లక్షల పైచిలుకు అయిపోతుంది. పింఛను మొత్తం నెలనెలా ఒకటే ఉంటుంది గనుక ఆ నాలుగంకెలూ కంఠతా వచ్చేయాలి. తర్వాత తేదీ, మన పద్ధతిలోనే ముందు రోజు, తర్వాత నెల, ఆఖరున సంవత్సరం. ఇది డబ్బు పడిన తేదీ. ఏ నెల పింఛనో చాలా బ్యాంకుల మెసేజ్‌లో ఉండదు. గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

నాలుగోది, డబ్బు ఏ దారిన వచ్చిందన్నది. ACH, NEFT, UPI అనే మూడక్షరాల నాలుగక్షరాల మాటలు. ఆ వరుసలోనే Info పక్కన పంపినవారి పేరు ఉంటుంది, EPFO అంటే పీఎఫ్ సంస్థే. పింఛనులాగా ఒకేసారి లక్షల మందికి వేసే డబ్బు ఎక్కువగా ACH పేరుతో కనిపిస్తుంది. ఫోన్‌లోంచి మనుషులు పంపుకునేది UPI. ఈ వరుస పెద్దవాళ్లు పట్టించుకోరు, పిల్లలు కూడా నేర్పరు. పింఛనును మిగతా జమల నుంచి విడదీసి చెప్పేది మాత్రం మెసేజ్ మొత్తంలో ఇదే. ఇంకో సంగతి: 2025 జనవరి నాటికి పీఎఫ్ సంస్థ దేశమంతటా పింఛన్లను ఒకే కేంద్రం నుంచి వేసే పద్ధతికి మారింది. 122 ప్రాంతీయ కార్యాలయాల పరిధిలోని 68 లక్షల పైచిలుకు పింఛనుదార్లు దీని కిందికి వచ్చారు. అంతకుముందు ఒక్కో ఆఫీసు కొన్ని బ్యాంకులతో విడివిడిగా ఒప్పందం పెట్టుకుని వేసేది. అందుకే 2024లో వచ్చిన మెసేజ్‌లోనూ ఇప్పటి మెసేజ్‌లోనూ పంపినవారి పేరు వేరేగా కనిపిస్తే కంగారు అక్కర్లేదు.

చివరిది Avl Bal. ఆ జమ తర్వాత ఖాతాలో మిగిలిన మొత్తం. దీని ఉపయోగం కాస్త ఆగి చెబుతాను.

కూతురు ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనిచ్చింది. అందులో పెద్దాయన నాలుగు గళ్లు గీశారు: ఏ నెల పింఛను, పడిన తేదీ, ఎంత, ఖాతాలో మిగిలింది. మొదటి గడిలో పన్నెండు నెలల పేర్లూ ముందే రాసి పెట్టుకున్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మెసేజ్ వచ్చినప్పుడు రాసుకుంటూ పోయే పుస్తకంలో రాని నెల కనపడదు. వచ్చినవి మాత్రమే వరుసగా ఉంటాయి. నెలల పేర్లు ముందే రాసి ఉంటే రాని నెల పక్కన గడి ఖాళీగా మిగిలిపోయి కంట్లో పడుతుంది.

జనవరి 31న పడింది, రాసుకున్నారు. ఫిబ్రవరి 28న పడింది, రాసుకున్నారు. మార్చి 31 దాటింది. మెసేజ్ లేదు.

"ఏమైంది బిడ్డా, మార్చి పైసలు పడలే?" అని పొద్దున్నే ఫోన్. కూతురికీ తెలియదు. బ్యాంకుకు వెళ్తే ఏప్రిల్ 1, ఖాతాలు మూసే రోజు, సెలవు. రెండో తారీఖున మెసేజ్ వచ్చింది, అదే 2,418.

ఇది ఆగడం కాదు. ప్రతి ఏడాదీ ఇలాగే జరుగుతుంది. ఆయా నెల పింఛను ఆ నెల ఆఖరి పనిదినానికల్లా ఖాతాలో పడాలని పీఎఫ్ సంస్థ 2022 జనవరిలో తన కార్యాలయాలకు ఆదేశమిచ్చింది. ఒక్క మార్చికి మాత్రం మినహాయింపు. మార్చి పింఛను ఏప్రిల్ 1 నాడు గానీ ఆ తర్వాత గానీ వేస్తారు, ఆర్థిక సంవత్సరం మారాక. కేంద్ర ప్రభుత్వ పింఛనుదార్లకూ ఇదే ఆచారం. ఫలితంగా మార్చిలో ఒక్క పింఛనూ కనపడదు, ఏప్రిల్‌లో రెండు కనపడతాయి: మొదటి వారంలో మార్చిది, నెలాఖరున ఏప్రిల్‌ది. పడిన తేదీని బట్టి నెల పేరు రాసుకునేవాళ్లు ఇక్కడ రెండు తప్పులు చేస్తారు. మార్చి పోయిందని అర్జీ పెడతారు. లేదా ఏప్రిల్‌లో రెండుసార్లు పడిందని, ఒకటి పొరపాటున వచ్చిందేమో, వెనక్కి లాక్కుంటారేమోనని భయపడి ముట్టుకోరు. మరో గుర్తు కూడా పెట్టుకోవాలి. ఆఖరి పనిదినం అంటే ఆఖరి తేదీ కాదు. నెలాఖరు ఆదివారం పడితే డబ్బు ముందే పడుతుంది. 2025 ఆగస్టు 30 శనివారం, 31 ఆదివారం, అందుకే పైన చూపిన మెసేజ్‌లో తేదీ 29.

పెద్దాయన నోటుబుక్కులో ఏప్రిల్, మే, జూన్, జులై, ఆగస్టు నిండాయి. సెప్టెంబర్ 30 సాయంత్రం ఫోన్ టింగుమంది. కూతురు పక్కనే ఉంది.

"పైసలు పడ్డయి గదా బాపూ, రాస్కో."

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మెసేజ్ చదివి, పెన్ను కింద పెట్టేశారు. "ఇవి నువ్వు పంపినయి బిడ్డా. పింఛను గాదు."

```
A/c XX4821 credited Rs 2,500.00 on 30-09-25
by UPI. Avl Bal Rs 14,406.00
```

కూతురు ప్రతి నెలా ఆఖరున మందులకని 2,500 పంపుతుంది. పింఛను 2,418. రెండూ ఒకే వారంలో, ఇంచుమించు ఒకే మొత్తం. రెండు మెసేజ్‌లు వచ్చే చోట ఒకటే వస్తే ఏది వచ్చిందో ఎవరూ చూడరు. ఇలాంటి జంట జమలే తప్పిపోయిన నెలను కప్పేస్తాయి. పెద్దాయన పట్టుకున్నది రెండు చోట్ల. మొత్తం రౌండు సంఖ్యగా ఉంది, ఆయన పింఛను ఎప్పుడూ రౌండు సంఖ్య కాదు. దారి UPI అని ఉంది, ACH అని లేదు.

అయినా వెంటనే పింఛను ఆగిందని తేల్చకూడదు. మెసేజ్ రాకపోవడం వేరు, డబ్బు రాకపోవడం వేరు. ఫోన్‌లో జాగా నిండిపోయినా, సిగ్నల్ లేకపోయినా, నంబరు మార్చి బ్యాంకుకు చెప్పకపోయినా డబ్బు నిశ్శబ్దంగా పడి ఉండొచ్చు. దీన్ని ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు. ఇందాక ఆగి చెబుతానన్న Avl Bal ఇక్కడ పనికొస్తుంది.

సెప్టెంబర్ 30 నాటి మెసేజ్ ప్రకారం ఖాతాలో 14,406 ఉన్నాయి. అక్టోబర్ 4న పెద్దాయన ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర ఏటీఎంలో 3,000 తీశారు. మధ్యలో ఏమీ జరగకపోతే మిగిలేది 11,406. పింఛను చప్పుడు లేకుండా పడి ఉంటే 13,824 ఉండాలి. డబ్బు తీశాక వచ్చిన మెసేజ్‌లో చూపించింది 11,487.

ఎనభై ఒక్క రూపాయలు ఎక్కువ. అది పొదుపు ఖాతా మీద మూడు నెలలకోసారి వేసే వడ్డీ. చాలా బ్యాంకులు దానికి మెసేజ్ పంపవు. ఇలాంటి చిన్న తేడాలుంటాయి. కానీ 2,418 ఎక్కడా దాక్కునే చోటు లేదు. ఒక మెసేజ్‌లోని నిల్వకూ తర్వాతి మెసేజ్‌లోని నిల్వకూ మధ్య కూడికా తీసివేతా చేస్తే, మెసేజ్ రాని జమ కూడా పట్టుబడుతుంది. ఇక్కడ పట్టుబడలేదు, అంటే నిజంగానే పడలేదు. పాస్‌బుక్ ప్రింట్ చేయించుకోవడం రెండో సాక్ష్యం. బ్యాంకు బయట ఉండే మెషీన్లో పెడితే సరిపోతుంది. తర్వాత ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ పేజీయే జత చేయాలి కూడా.

డబ్బు ఖాతాలో పడలేదంటే అవకాశాలు రెండే. పీఎఫ్ ఆఫీసు పంపలేదు, లేదా పంపింది కానీ మధ్యలో వెనక్కి పోయింది. ఈ రెండింటికీ చేయాల్సిన పని పూర్తిగా వేరు. కానీ చాలామంది నేరుగా బ్యాంకు కౌంటర్ దగ్గరికి వెళ్లి నిలబడతారు, అక్కడివాళ్లు "పైనుంచి రాలేదు" అని పంపేస్తారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, కానీ ఎందుకు రాలేదో వాళ్లకు కనపడదు. చూడాల్సిన చోటు పీఎఫ్ సంస్థ పింఛను పోర్టల్.

```
https://mis.epfindia.gov.in/PensionPaymentEnquiry/
```

ఇందులో పీపీఓ నంబరు ఇచ్చి ఏ నెల ఎంత పంపారో చూడొచ్చు. పీపీఓ అంటే రిటైరైనప్పుడు ఇచ్చిన పింఛను ఉత్తర్వు, దాని మీదే నంబరుంటుంది. ఆ కాగితం కనపడకపోతే బ్యాంకు ఖాతా నంబరుతో పీపీఓ నంబరు వెతుక్కునే వీలూ ఆ పోర్టల్‌లోనే ఉంది. ఫోన్‌లో ఉమాంగ్ యాప్ ఉంటే పీపీఓ నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి పింఛను పాస్‌బుక్ చూడొచ్చు. పెద్దాయన విషయంలో ఆగస్టు వరకూ వరుసగా పంపినట్టుంది, సెప్టెంబర్ లేదు. అంటే బ్యాంకుకు సంబంధం లేదు, ఆఫీసే ఆపింది.

ఆఫీసు ఆపడానికి అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది జీవన ప్రమాణ పత్రం. మనిషి బతికే ఉన్నాడని ఏడాదికోసారి ఇవ్వాల్సిన ధ్రువీకరణ. దీని గురించి ఊరంతా ఉన్న అభిప్రాయం, నవంబర్‌లో ఇవ్వాలని. పెద్దాయన పక్కింట్లో కేంద్ర ప్రభుత్వ గుమాస్తాగా రిటైరైన ఒకాయన ఉన్నారు. ఆయన ప్రతి నవంబర్‌లో ఇస్తారు. "మీది గూడ గంతే, నవంబర్ల ఇద్దాం" అన్నారు. ఆయనకు అది నిజమే. ఈపీఎస్ వాళ్లకు కాదు. వీళ్లు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. నవంబర్‌లో బ్యాంకుల దగ్గర రద్దీ తగ్గించడానికి తెచ్చిన వెసులుబాటు ఇది. మంచిదే, కానీ ప్రతి మనిషికీ గడువు తేదీ వేరైపోయింది, పక్కవాళ్లను అడిగి తెలుసుకునే వీలు లేకుండా పోయింది.

పెద్దాయన 2024లో మీసేవ పక్కన ఉన్న ఒక సెంటర్లో సెప్టెంబర్ 19న ఇచ్చారు. కాబట్టి 2025 సెప్టెంబర్ 18తో గడువు తీరింది. ఆగస్టు పింఛను వచ్చింది, సెప్టెంబర్ ఆగింది. లెక్క సరిగ్గా సరిపోయింది. అప్పట్లో వచ్చిన మెసేజ్ ఆయన ఫోన్‌లోనే ఉంది, అందులో ప్రమాణ్ ఐడీ అనే నంబరు, తేదీ ఉన్నాయి. దాన్ని ఎవరూ చదవలేదు. తేదీ దొరకనివాళ్లు ఇందాక చెప్పిన పింఛను పోర్టల్‌లోనే జీవన ప్రమాణం వివరాలు చూసుకోవచ్చు.

పత్రం ఇప్పుడు ఇంట్లోనే ఇవ్వొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెండు యాప్‌లు కావాలి: ముఖం గుర్తుపట్టే ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఒకటి, జీవన్ ప్రమాణ్ రెండోది. మొదట ఫోన్ నడిపేవాళ్లు, ఇక్కడ కూతురు, తన ఆధార్‌తో, తన ముఖంతో నమోదు కావాలి. తర్వాత పింఛనుదారు ఆధార్ నంబరు, ఆయన మొబైల్‌కు వచ్చే ఓటీపీ. ఆ తర్వాత వచ్చే పేజీలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. పింఛను మంజూరు చేసినవారు ఎవరు, ఇచ్చేవారు ఎవరు అని జాబితాలు తెరుచుకుంటాయి. డబ్బు బ్యాంకులో పడుతుంది కదా అని ఇచ్చేవారి దగ్గర బ్యాంకు పేరు ఎంచుకుంటారు చాలామంది. ఈపీఎస్ పింఛనుకు రెండు చోట్లా EPFO అనే ఎంచుకోవాలి. బ్యాంకు పేరు ఎంచుకుంటే పత్రం తయారవుతుంది, ప్రమాణ్ ఐడీ మెసేజ్ కూడా వస్తుంది, కానీ అది పీఎఫ్ ఆఫీసుకు చేరదు. ఇంట్లోవాళ్లు పని అయిపోయిందనుకుంటారు, పింఛను మళ్లీ రాదు. పీపీఓ నంబరులో ఒక అంకె తప్పినా ఇదే కథ.

ఆఖరున ముఖం చూపించాలి. కళ్లద్దాలు తీసేసి, కిటికీకి ఎదురుగా నిలబడి, కళ్లు ఒకసారి ఆర్పాలి. వెనక నుంచి వెలుగు పడితే యాప్ ఒప్పుకోదు. వేలిముద్రతో ఇచ్చే పద్ధతీ ఉంది, కానీ ముప్పై ఏళ్లు ఇనుముతో పనిచేసిన చేతులకు ముద్రలు అరిగిపోయి ఉంటాయి, యంత్రం పదేపదే తిరస్కరిస్తుంది. అలాంటివాళ్లకు ముఖం చూపించడమే తేలిక. స్మార్ట్ ఫోన్ లేనివాళ్లు పోస్టాఫీసులో చెబితే పోస్ట్‌మన్ ఇంటికొచ్చి కూడా చేస్తారు.

ప్రమాణ్ ఐడీ మెసేజ్ రావడమంటే పత్రం తయారైందని మాత్రమే అర్థం. పీఎఫ్ ఆఫీసు దాన్ని తీసుకుందా లేదా అన్నది మూడు నాలుగు రోజులాగి పింఛను పోర్టల్‌లో చూసుకోవాలి. కొత్త తేదీ కనపడితే అందినట్టు. నెల ఆఖరి వారంలో ఇస్తే ఆ నెల చెల్లింపుల జాబితా అప్పటికే సిద్ధమై ఉండొచ్చు, అందుకే నెల మొదట్లో ఇవ్వడం మేలు. పెద్దాయన అక్టోబర్ 6న ఇచ్చారు. పదో తేదీకి పోర్టల్‌లో కనిపించింది.

ఆగిన నెల డబ్బు పోదు. పత్రం అందాక బకాయితో సహా వేస్తారు. ఒక్కోసారి విడిగా పడుతుంది, ఒక్కోసారి కలిపి. అక్టోబర్ 31న పెద్దాయనకు వచ్చిన మెసేజ్‌లో 4,836 ఉంది. చూడగానే ఇదేదో వేరే డబ్బు అనుకున్నారు, ఎందుకంటే ఆయన వెతికేది 2,418 కోసం. తర్వాత కాగితం మీద సగం చేసి చూసుకున్నారు. నోటుబుక్కులో సెప్టెంబర్, అక్టోబర్ రెండు వరుసల్లోనూ అదే తేదీ వేసి, ఒక్కోదాని పక్కన 2,418 రాసి, బ్రాకెట్ గీసి కలిపారు. బకాయిని ఇలా విడగొట్టి రాయకపోతే ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం చూసి ఎవరూ లెక్క చెప్పలేరు. ఏ నెల బకాయో తేలక, వచ్చిన డబ్బుకే మళ్లీ అర్జీ పెట్టిన సందర్భాలుంటాయి.

జీవన ప్రమాణం సరిగ్గానే ఉండి కూడా ఒక నెల రాకపోతే? అప్పుడు పోర్టల్ ఏం చూపిస్తోందన్నదే దారి. పంపినట్టు చూపించి ఖాతాలో లేదంటే బ్యాంకు నుంచి వెనక్కి పోయి ఉంటుంది. ఖాతా చాలాకాలం వాడక నిద్రాణమైపోవడం, కేవైసీ గడువు తీరి బ్యాంకు ఖాతాను స్తంభింపజేయడం, ఉమ్మడి ఖాతాలో ఒకరు పోయాక మార్పులు చేయించకపోవడం లాంటివి ఇందుకు కారణాలు. బ్యాంకులు విలీనమైనప్పుడు బ్రాంచి కోడ్ మారడం ఇంకొకటి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, ఈ నగరంలో పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని ఆంధ్రా బ్యాంకనే అంటారు, పాత కోడ్ ఉన్న పాస్‌బుక్కే చూపిస్తారు. ఇలాంటప్పుడు ముందు బ్యాంకులో ఖాతా సరిచేయించుకుని, ఆ తర్వాతే పీఎఫ్ ఆఫీసులో మళ్లీ పంపమని అడగాలి. క్రమం తిరగబడితే పంపిన డబ్బు రెండోసారి కూడా వెనక్కే పోతుంది.

అర్జీ పెట్టాల్సి వస్తే epfigms.gov.in లో పింఛనుదారు అని ఎంచుకుని పీపీఓ నంబరుతో పెట్టొచ్చు. 14470 అనే నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు. బర్కత్‌పురాలోని పీఎఫ్ కార్యాలయానికి నేరుగా వెళ్లేవాళ్లు ముందు తమ పీపీఓ ఏ ఆఫీసు ఇచ్చిందో చూసుకోవాలి. నగరంలోనూ చుట్టుపక్కలా ఒకటికి మించి పీఎఫ్ ఆఫీసులున్నాయి. ప్రతి నెలా 27న నిధి ఆప్కే నికట్ పేరుతో జిల్లాల్లో శిబిరాలు పెడతారు, అక్కడ అధికారులే ఎదురుగా కూర్చుని వింటారు. ఏ దారిన పోయినా "పింఛను వస్తలేదు" అని రాస్తే పని జరగదు. "2025 సెప్టెంబర్ నెలది 2,418 రూపాయలు పడలేదు, ఆగస్టుది 29-08-2025న పడింది, జీవన ప్రమాణం ఫలానా తేదీన ఇచ్చాను, ప్రమాణ్ ఐడీ ఇది" అని రాస్తే అవతలివాళ్లు వెతికే పని సగం తగ్గుతుంది. నోటుబుక్కులో గళ్లు నింపుకున్నవాళ్లకు ఈ వాక్యం రాయడం అరనిమిషం పని.

నెల తప్పిన సమయంలోనే మోసగాళ్ల మెసేజ్‌లకు చిక్కుతారు కాబట్టి అదీ చెప్పుకోవాలి. "మీ పింఛను నిలిపివేయబడింది, జీవన ప్రమాణం కోసం ఈ లింకు నొక్కండి" అని వస్తుంది. నిజంగానే ఆగి ఉంటే నమ్మకుండా ఉండటం కష్టం. బ్యాంకు మెసేజ్ పది అంకెల మొబైల్ నంబరు నుంచి రాదు. పంపినవారి చోట అక్షరాలుంటాయి, ముందు రెండక్షరాలు టెలికాం కంపెనీనీ ప్రాంతాన్నీ బట్టి మారుతుంటాయి, మధ్యలో బ్యాంకు పేరు మారదు. 2025 నుంచి చివర ఒక గీత, ఒక అక్షరం కూడా చేర్చారు: S అంటే సేవా సమాచారం, T అంటే లావాదేవీ, G అంటే ప్రభుత్వం, P అంటే ప్రకటన. ఇవన్నీ గుర్తుండకపోయినా ఒకటి చాలు: పీఎఫ్ ఆఫీసు ఫోన్ చేసి ఓటీపీ అడగదు, జీవన ప్రమాణం ఫోన్ సంభాషణలో తయారు కాదు. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

కుషాయిగూడ ఇంట్లో రెండు మార్పులు జరిగాయి. కూతురు తన 2,500 నెలాఖరున కాక పదో తారీఖున పంపుతోంది, పింఛనుతో కలిసిపోకుండా. పెద్దాయన 2026 నెలల పేర్లు ముందుగానే రాసి, మార్చి గడిలో "ఏప్రిల్ మొదట్ల వస్తది" అనీ, సెప్టెంబర్ గడి పక్కన "ప్రమాణం ఇయ్యాలె, అక్టోబర్ 5 లోపల" అనీ పెన్సిల్‌తో రాసుకున్నారు. సెప్టెంబర్‌లో ఇస్తే కొత్త ఏడాది ఆ రోజు నుంచే మొదలవుతుంది గనుక, ఇచ్చిన తేదీని బట్టి 2027లో ఆ గుర్తును ఇంకో గడిలోకి మార్చాలి.